జినీ మారకపోతే అసమానత మారనట్టేనా?

ప్రశ్న: ఒక ప్రాంతంలో కుటుంబ ఆదాయాల మీద నివేదిక రాస్తున్నాను. పదేళ్ల కిందటి సర్వేలోనూ ఇప్పటి సర్వేలోనూ జినీ గుణకం దాదాపు ఒక్కటే వచ్చింది. అక్కడివాళ్లను అడిగితే మాత్రం తేడాలు బాగా పెరిగాయంటున్నారు. లెక్క తప్పా, వాళ్ల మాట తప్పా? జినీ బదులు పాల్మా, థైల్, అట్కిన్సన్ లాంటివి వాడాలా?

జవాబు:

రెండూ ఒప్పే అయ్యే అవకాశం ఎక్కువ. జినీ గుణకం ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్తుంది. జనంలోంచి లాటరీ తీసినట్టు ఇద్దరిని ఎంచుకుంటే వాళ్ల ఆదాయాల మధ్య సగటున ఎంత తేడా ఉంటుంది అన్నదే ఆ ప్రశ్న. ఆ తేడాను సగటు ఆదాయానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చేది జినీ. ఉదాహరణకు జినీ 0.40 అంటే, అలా ఎంచుకున్న ఇద్దరి మధ్య తేడా సగటు ఆదాయంలో 80 శాతం ఉంటుందని అర్థం. ఆ తేడా అట్టడుగున పుట్టిందా, శిఖరాన పుట్టిందా, ఎవరి మీద పడింది, ఎన్నేళ్లుగా వాళ్ల మీదే పడుతోంది అన్నవి ఈ అంకెలో ఉండవు. మీరు మాట్లాడినవాళ్లు చెప్తున్నది బహుశా వీటి గురించే.

చిన్న లెక్కతో చూద్దాం. పది కుటుంబాలున్న రెండు సముదాయాలు తీసుకోండి. కుటుంబాలన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయనుకుందాం. రెండు చోట్లా మొత్తం ఆదాయం 200 యూనిట్లు, సగటు 20. మొదటి సముదాయంలో రెండు కుటుంబాలకు చెరో 4, మిగతా ఎనిమిదింటికి తలా 24 వస్తుంది. రెండో సముదాయంలో ఎనిమిది కుటుంబాలకు తలా 16, మిగతా రెండింటికి చెరో 36 వస్తుంది. ఆదాయాలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పేర్చి, ఒక్కో ఆదాయాన్ని దాని వరుస సంఖ్యతో గుణించి కూడితే జినీకి కావలసిన ముడిసరుకు వస్తుంది. సూత్రం ఇది, ఇందులో x_i ఆదాయం, i దాని వరుస సంఖ్య, n కుటుంబాల సంఖ్య:

```
G = 2·Σ(i·x_i) / (n·Σx_i) − (n+1)/n
```

మొదటి సముదాయంలో 1, 2 వరుసల్లో 4 చొప్పున ఉంది కాబట్టి అక్కడ 12 వస్తుంది. 3 నుంచి 10 దాకా వరుస సంఖ్యల మొత్తం 52, దాన్ని 24తో గుణిస్తే 1248. కలిపితే 1260. రెండో సముదాయంలో 1 నుంచి 8 దాకా మొత్తం 36, దాన్ని 16తో గుణిస్తే 576. 9, 10 కలిపి 19, దాన్ని 36తో గుణిస్తే 684. కలిపితే అక్కడా 1260. ఆ 1260కి రెట్టింపు 2520. దాన్ని 10×200తో భాగిస్తే 1.26, అందులోంచి 1.1 తీసేస్తే 0.16. రెండు సముదాయాలకూ జినీ 0.16, దశాంశాల్లో కూడా తేడా లేదు.

కానీ మొదటిచోట ప్రతి అయిదు కుటుంబాల్లో ఒకటి సగటులో అయిదో వంతుతో బతుకుతోంది. రెండోచోట అందరికన్నా పేద కుటుంబానికి కూడా సగటులో 80 శాతం అందుతోంది. పదేళ్ల కిందట మీ ప్రాంతం రెండోదానిలా ఉండి ఇప్పుడు మొదటిదానిలా మారి ఉంటే, మీ రెండు సర్వేల్లోనూ జినీ ఒక్కటే వస్తుంది. 16 నుంచి 4కు జారిపోయిన రెండు ఇళ్లవాళ్లకు మాత్రం జీవితమే మారిపోయి ఉంటుంది. 36 నుంచి 24కు దిగివచ్చినవాళ్లు వేరే కథ చెప్తారు. మిగతావాళ్లు 16 నుంచి 24కు ఎదిగి ఉంటారు.

ఇలా జరిగిందో లేదో తెలుసుకునే మార్గం లోరెంజ్ రేఖలు గీయడమే. మాక్స్ లోరెంజ్ 1905లో ఈ రేఖను ప్రతిపాదించాడు. కొరాడో జినీ తన గుణకాన్ని 1912లో ప్రకటించాడు. అడుగునుంచి జనాభాలో ఇంత శాతానికి మొత్తం ఆదాయంలో ఎంత వాటా అందుతోందన్నది ఈ రేఖ చూపిస్తుంది. సంపూర్ణ సమానత్వపు సరళరేఖకూ దీనికీ మధ్య ఉన్న వైశాల్యానికి రెట్టింపే జినీ. మన మొదటి సముదాయంలో అడుగు 20 శాతానికి 4 శాతం, 40 శాతానికి 28, 60 శాతానికి 52, 80 శాతానికి 76 శాతం ఆదాయం అందుతోంది. రెండోదానిలో అవే స్థానాల్లో 16, 32, 48, 64. అడుగున మొదటి రేఖ కింద ఉంది, పైకి వెళ్లేసరికి రెండో రేఖ కిందకు పోయింది. సరిగ్గా 50 శాతం దగ్గర రెండూ 40 వద్ద ఒకదాన్నొకటి దాటాయి.

ఈ దాటడమే అసలు సంగతి. ఒక రేఖ మొదటినుంచి చివరిదాకా రెండోదానికన్నా పైనే ఉంటే, పేదకు ధనికుడి నుంచి ఆదాయం బదిలీ అయితే అసమానత తగ్గాలన్న నియమాన్ని పాటించే ఏ కొలమానమైనా ఆ పైరేఖ ఉన్న సమాజాన్నే ఎక్కువ సమానమైనదంటుంది. అప్పుడు కొలమానం ఎంపిక గురించి వాదించాల్సిన పని లేదు. రేఖలు దాటుకుంటే మాత్రం ఏది ఎక్కువ అసమానం అన్నదానికి గణితంలో ఒకే జవాబు లేదు. ఏ చివర జరిగినదానికి ఎక్కువ విలువ ఇవ్వాలో మనమే నిర్ణయించుకోవాలి. జినీ వాడినవాళ్లు కూడా ఆ నిర్ణయం తీసుకున్నట్టే, ఆ సంగతి వాళ్లు గమనించకపోవచ్చు.

జినీలో దాగి ఉన్న ఆ నిర్ణయం ఏమిటంటే, అది వరుస సంఖ్యను చూస్తుంది, ఆదాయపు లేమిని చూడదు. ఒకరి నుంచి ఇంకొకరికి ఒక యూనిట్ బదిలీ అయితే జినీ ఎంత తగ్గుతుందన్నది వాళ్లిద్దరి మధ్య ఎన్ని వరుసలున్నాయన్నదాని మీదే ఆధారపడుతుంది. ఆదాయాల మధ్య దూరం ఎంతన్నది లెక్కలోకి రాదు. నిజమైన జనాభాల్లో మధ్య ఆదాయాల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. అక్కడ కొద్దిపాటి ఆదాయ తేడాలోనే లక్షల వరుసలు దాటిపోతాయి. అట్టడుగునా శిఖరానా జనం పలచగా ఉంటారు. అందుకే మధ్యలో జరిగే మార్పులకు జినీ గట్టిగా స్పందిస్తుంది, అంచుల్లో జరిగేవాటికి అంతగా కదలదు. మనుషులు అసమానతను ఎక్కువగా అనుభవించేది మాత్రం ఆ అంచుల్లోనే.

ఇక మిగతా కొలమానాలు. ఇదే ఉదాహరణ మీద వాటిని నడిపిస్తే ఏది ఏం చూస్తుందో తెలుస్తుంది.

పాల్మా నిష్పత్తి అంటే పైన ఉన్న 10 శాతం మందికి అందే వాటాను అడుగున ఉన్న 40 శాతం మందికి అందే వాటాతో భాగించడం. చాలా దేశాల్లో ఆ రెంటికీ మధ్యనున్న 50 శాతం జనాభా మొత్తం ఆదాయంలో దాదాపు సగం తీసుకుంటోందనీ, అది దేశాన్ని బట్టి పెద్దగా మారడం లేదనీ, అసలు పెనుగులాట మిగతా సగం కోసమేననీ గాబ్రియేల్ పాల్మా గమనించాడు. ఈ నిష్పత్తికి పునాది అదే. మన మొదటి సముదాయంలో ఇది 24ను 56తో భాగిస్తే 0.43. రెండోదానిలో 36ను 64తో భాగిస్తే 0.56. అంటే పాల్మా ప్రకారం రెండో సముదాయమే ఎక్కువ అసమానం. పై 20 శాతం వాటాను అడుగు 20 శాతం వాటాతో భాగించే నిష్పత్తి దీనికి సరిగ్గా తలకిందులుగా చెప్తుంది. మొదటిచోట 48ని 8తో భాగిస్తే 6, రెండోచోట 72ను 32తో భాగిస్తే 2.25. పాల్మా ఎందుకిలా పొరబడినట్టు కనిపిస్తోంది? అడుగు 40 శాతాన్ని అది ఒకే ముద్దగా చూస్తుంది. ఆ ముద్దలో రెండు కుటుంబాలు 4తో, రెండు 24తో ఉన్నాయన్నది దానికి కనిపించదు. పేదరికం అడుగు 10, 20 శాతంలోనే గూడు కట్టుకున్న చోట పాల్మా ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

అట్కిన్సన్ సూచిక నాకు నిజాయితీగల కొలమానం అనిపిస్తుంది. తన విలువ నిర్ణయాన్ని దాచుకోకుండా బయటపెట్టే కొలమానం ఇది. టోనీ అట్కిన్సన్ 1970లో దీన్ని ప్రతిపాదించాడు. ఇందులో ε అనే ఒక సంఖ్యను మనమే ఎంచుకోవాలి. అది పెరిగేకొద్దీ అట్టడుగువారికి ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నట్టు. ε విలువ 2 అయితే లెక్క సులువు: ఆదాయాల హరాత్మక సగటును, అంటే ఆదాయాల విలోమాల సగటుకు విలోమాన్ని, మామూలు సగటుతో భాగించి, ఒకటిలోంచి తీసేయాలి. మొదటి సముదాయంలో హరాత్మక సగటు 12 వస్తుంది, కాబట్టి సూచిక 0.40. రెండోదానిలో హరాత్మక సగటు 18, సూచిక 0.10. దీని అర్థం మాటల్లో కూడా చెప్పవచ్చు. అడుగువారికి అంత ప్రాధాన్యం ఇచ్చేవారి దృష్టిలో, మొదటి సముదాయం తన ఆదాయాన్ని సమానంగా పంచుకుని ఉంటే 40 శాతం తక్కువ ఆదాయంతోనే ఇప్పుడున్నంత సంక్షేమం సాధించగలిగేది. రెండోదానిలో ఆ నష్టం 10 శాతమే. జినీ ఒక్కటేనన్న రెండు సముదాయాల మధ్య ఇది నాలుగు రెట్ల తేడా.

అయితే అట్కిన్సన్ సూచికతో ఆచరణలో ఒక చిక్కుంది. ε ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నప్పుడు డేటాలో ఒక్క కుటుంబానికి ఆదాయం సున్నా ఉన్నా సూచిక 1 అయిపోతుంది. 0.1 లాంటి తప్పుడు నమోదు ఒక్కటున్నా ఫలితాన్ని లాగేస్తుంది. సర్వేల్లో సున్నా ఆదాయాలు మామూలే. నష్టం వచ్చిన సాగుదారు, ఆ నెల పని దొరకని కూలీ, జవాబు చెప్పడం ఇష్టంలేనివాళ్లు, అందరూ అక్కడే పడతారు. కొందరు సున్నా స్థానంలో 1 పెట్టి ముందుకు పోతారు. అలా పెట్టిన ఆ 1 మీదే మొత్తం ఫలితం ఆధారపడిపోతుంది. సున్నాలు ఎన్ని ఉన్నాయో విడిగా రాయండి, ε 0.5తో ఒకసారి, వాటిని తీసేసి 2తో ఒకసారి లెక్కించి రెండూ చూపించండి. ఫలితాలు ఒకే దిశలో ఉంటేనే ఆ నిర్ణయాన్ని నమ్మండి.

థైల్ కుటుంబానికి చెందిన సూచికలను సాధారణంగా వర్గాల మధ్య అసమానతను విడదీయడానికి వాడతారు. మొత్తం అసమానతను వర్గాల లోపలిదిగా, వర్గాల మధ్యదిగా శేషం లేకుండా ఇవి విడదీస్తాయి. వర్గాల ఆదాయాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉన్నప్పుడు జినీని అలా శుభ్రంగా విడదీయలేం, మధ్యలో ఒక శేషం మిగిలిపోతుంది. ఈ పనికి ఎక్కువగా వాడేది సగటు లాగరిథమిక్ విచలనం. సగటును ప్రతి ఆదాయంతో భాగించి, సహజ లాగరిథమ్ తీసి, వాటి సగటు కడితే అది వస్తుంది. మన మొదటి సముదాయానికి ఇది 0.176.

ఇప్పుడా పది కుటుంబాలు అయిదేసి చొప్పున రెండు వర్గాలకు చెందినవనుకోండి. 4 యూనిట్ల కుటుంబాలు ఒక్కో వర్గంలో ఒక్కొక్కటి ఉంటే, రెండు వర్గాల సగటూ 20, వర్గాల మధ్య అసమానత సున్నా. ఆ రెండు పేద కుటుంబాలూ ఒకే వర్గంలో ఉంటే ఆ వర్గపు సగటు 16, రెండోదాని సగటు 24. వర్గాల మధ్య అసమానత 0.020 వస్తుంది, అంటే మొత్తంలో దాదాపు 12 శాతం. జినీ మాత్రం రెండు సందర్భాల్లోనూ 0.16 దగ్గరే ఉంది. మొదటిదానిలో కష్టం వర్గం చూసి రాలేదు. రెండోదానిలో ఒక వర్గంలో పుడితే అయిదుకు రెండు పాళ్లు దుర్భర పేదరికం, ఇంకో వర్గంలో పుడితే అది అసలు లేదు.

ఆ 12 శాతం అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. నివేదికల్లో ఈ అంకె చూసి 'అసమానతలో వర్గాల పాత్ర స్వల్పం, 88 శాతం వర్గాల లోపలే ఉంది' అని రాసేస్తారు. మన ఉదాహరణలో దుర్భర పేదరికమంతా ఒకే వర్గంలో ఉన్నా వచ్చింది 12 శాతమే. ఇలా ఎందుకంటే, వర్గాల మధ్య భాగం ప్రతి కుటుంబానికీ దాని వర్గపు సగటు ఆదాయమే ఉందనుకుని లెక్కిస్తుంది. రెండే వర్గాలు ఉండి లోపల చెప్పుకోదగ్గ తేడాలు ఉంటే ఆ భాగం 100 శాతానికి దగ్గరగా కూడా రాదు. కాబట్టి ఈ శాతాన్ని 100తో పోల్చకండి. అవే వర్గాలు, అవే పరిమాణాలతో కుటుంబాలను అత్యంత వేర్పాటుగా, అంటే అడుగు సగం ఒక వర్గం, పై సగం ఒక వర్గంగా పేర్చినప్పుడు వచ్చే గరిష్ఠ విలువతో పోల్చండి. మన ఉదాహరణలో అలా పేర్చినా పేద వర్గంలో 4, 4, 24, 24, 24 ఉంటాయి, మనకు వచ్చినదీ సరిగ్గా అదే. అంటే ఆ 12 శాతం సాధ్యమైనంతలో నూటికి నూరు పాళ్లు. దానితోపాటు ప్రతి వర్గంలో ఎంత శాతం అట్టడుగు అయిదో వంతులో ఉన్నారో సూటిగా రాస్తే చదివేవారికి ఏ సూచికా అక్కర్లేకుండానే విషయం అర్థమవుతుంది.

జినీ పక్కనబెట్టే ఇంకో విషయం కాలం. 4 యూనిట్ల దగ్గర ప్రతి ఏడాదీ అవే రెండు కుటుంబాలు ఉన్నాయా, ఏటా మారుతున్నాయా? అయిదేళ్లలో ప్రతి కుటుంబమూ ఒక్కో ఏడాది అడుగుకు వచ్చి పోతుంటే, అయిదేళ్ల మొత్తం ఆదాయం ప్రతి ఇంటికీ 100 అవుతుంది, అయిదేళ్ల ఆదాయాల మీద జినీ సున్నా. ఎప్పుడూ అవే రెండు కుటుంబాలైతే వాళ్లకు 20, మిగతావాళ్లకు 120, జినీ 0.16 అలాగే ఉంటుంది. ఏటేటా తీసిన జినీలో మాత్రం ఈ రెండు సమాజాలు ఒకేలా కనిపిస్తాయి. వేర్వేరు ఏళ్లలో వేర్వేరు కుటుంబాలను అడిగే సర్వేతో దీన్ని పట్టుకోలేం. అవే కుటుంబాలను మళ్లీ మళ్లీ కలిసే ప్యానెల్ సర్వే కావాలి. ప్యానెల్ ఉన్నా, అయిదేళ్ల జినీ సున్నా అని తేలితే అంతా బాగుందనుకోకూడదు. పొదుపు లేనివారికి, తక్కువ వడ్డీకి అప్పు పుట్టనివారికి ఆ 4 యూనిట్ల ఏడాది గడవడమే గగనం. ఆ ఏడాదిలో పిల్లల చదువు ఆగితే తరవాతి నాలుగేళ్ల 24 యూనిట్లు దాన్ని పూడ్చలేవు.

సముదాయంలో అందరి ఆదాయమూ రెట్టింపయితే జినీ మారదు. మొదటి సముదాయంలో 4 కాస్తా 8, 24 కాస్తా 48 అవుతాయి. మధ్యనున్న దూరం 20 నుంచి 40కి పెరుగుతుంది. మీరు మాట్లాడినవాళ్లు 'తేడా పెరిగింది' అన్నప్పుడు చాలావరకు ఈ దూరం గురించే అని ఉంటారు, వాళ్ల మాటలో తప్పేమీ లేదు. నేల, ఇల్లు, మంచి బడిలో సీటు లాంటివి ఎక్కువ ఇచ్చినవాడికే దక్కుతాయి కాబట్టి వాటి ముందు దూరమే నిర్ణాయకం. నిష్పత్తి మారలేదన్న మాట అక్కడ పనికిరాదు. జినీని సగటు ఆదాయంతో గుణిస్తే పరమ జినీ వస్తుంది. రెట్టింపుకు ముందు అది 3.2, తరవాత 6.4. రెండు సంవత్సరాల ఆదాయాలనూ ఒకే ధరలకు మార్చాకే ఈ లెక్క చేయాలి, లేకపోతే ధరల పెరుగుదల కూడా అసమానతగా కనిపిస్తుంది. నిష్పత్తే సరైనదని గానీ దూరమే సరైనదని గానీ గణితం తేల్చదు. నివేదికలో రెండూ ఉండాలి.

ఇప్పటిదాకా డేటా సరిగ్గా ఉందనుకున్నాం. అసలు ఏం కొలిచారన్నది చాలాసార్లు కొలమానంకన్నా ఎక్కువ తేడా తెస్తుంది. మొదట చూడాల్సింది ఆదాయమా, వినియోగ వ్యయమా అన్నది. ధనికులు సంపాదించినదాంట్లో కొంత మిగుల్చుకుంటారు, పేదలు అప్పు చేసైనా ఖర్చు పెడతారు. అందుకే ఒకే జనాభాలో వినియోగ జినీ ఆదాయ జినీకన్నా సాధారణంగా తక్కువ వస్తుంది. ప్రపంచ బ్యాంకు పట్టికలో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. లాటిన్ అమెరికా దేశాలవి ఎక్కువగా ఆదాయం మీద, ఆఫ్రికా దేశాలవి ఎక్కువగా వినియోగం మీద కట్టినవి. దక్షిణాఫ్రికాకు 2014లో వచ్చిన 63, అంటే మన లెక్కలో 0.63, వినియోగపు అంకె. దాన్ని బ్రెజిల్ ఆదాయపు అంకెతో పోల్చితే దక్షిణాఫ్రికా అసమానతను తక్కువ చేసి చూపినట్టే. మీ రెండు సర్వేల్లో ఒకటి ఆదాయాన్ని, ఇంకోటి ఖర్చును అడిగి ఉంటే ఆ పోలికను వదిలేయడమే మంచిది. రెండూ ఖర్చునే అడిగి ఉంటే, అదే కాలంలో అప్పులు ఎలా మారాయో చూడండి. అడుగువారి ఖర్చు అప్పుతో నిలబడిన చోట జినీ నిలకడగా ఉంటుంది, వాళ్ల కష్టం పెరుగుతూ పోతుంది.

రెండో సంగతి శిఖరాన ఉన్నవారు సర్వేకు దొరకకపోవడం. గేటు దాటి లోపలికి వెళ్లడం కష్టం, వెళ్లినా అసలు ఆదాయం చెప్పేవాళ్లు తక్కువ. పన్ను రికార్డులనుంచి వాళ్ల వాటా తెలిస్తే దగ్గరి అంచనా వేయవచ్చు. సర్వేకు అందని చిన్న శిఖర వర్గానికి మొత్తం ఆదాయంలో S వాటా ఉంటే, సరిచేసిన జినీ దాదాపు సర్వే జినీని (1−S)తో గుణించి S కలిపినంత. సర్వే జినీ 0.40, S 10 శాతం అయితే 0.36కు 0.10 కలిపి 0.46. పదేళ్లలో సర్వే జినీ కదలకుండా S మాత్రం 4 నుంచి 10 శాతానికి పెరిగి ఉంటే, అసలు జినీ 0.424 నుంచి 0.46కు వెళ్లినట్టు. ఈ పెరుగుదల మీ డేటాలో ఎక్కడా కనపడదు.

మూడోది ఇంటి లోపల. కుటుంబ ఆదాయాన్ని సభ్యుల సంఖ్యతో భాగించి అందరికీ సమానంగా రాసేస్తాం. భర్తకు, భార్యకు, ఆడపిల్లకు నిజంగా ఎంతెంత దక్కుతోందో ఏ కుటుంబ సర్వే జినీలోనూ ఉండదు. ఫిలిప్పీన్స్‌లో ఒక్కొక్కరు తిన్న ఆహారాన్ని విడివిడిగా కొలిచిన డేటా మీద లారెన్స్ హద్దాద్, రవి కాన్బూర్ 1990లో చేసిన అధ్యయనంలో, ఇంటి లోపలి తేడాలను వదిలేస్తే అసమానతను 30 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ తక్కువ చేసి చూపే ప్రమాదం ఉందని తేలింది. ఇంకో చిన్న ఉచ్చు కూడా ఇక్కడే ఉంది. నలుగురున్న ఇంటి ఆదాయం 40 అయితే తలసరి 10. సభ్యుల సంఖ్యకు వర్గమూలంతో భాగించే పద్ధతిలో అదే 20. పెద్ద కుటుంబాలు పేదవైన చోట ఈ రెండు పద్ధతుల జినీలు వేరుగా వస్తాయి. రెండు సర్వేలకూ ఒకే పద్ధతి వాడారో లేదో చూసుకోండి.

నాలుగో విషయాన్ని క్లుప్తంగా చెప్తాను. ఒకే జినీ ఉన్న రెండు చోట్లలో ఒకచోట వైద్యం, చదువు ఉచితంగా అంది, రెండోచోట వాటిని కొనుక్కోవాల్సి వస్తే, 4 యూనిట్ల ఇంటి పరిస్థితి రెండింటిలో ఒక్కటి కాదు. ప్రభుత్వ సేవల విలువ మామూలు ఆదాయ జినీలో కలవదు.

లెక్క కట్టేటప్పుడు జరిగే పొరపాట్లలో నాకు ఎక్కువగా కనిపించేది వెయిట్లు వదిలేయడం. సర్వేలో ప్రతి కుటుంబానికీ ఒక వెయిట్ ఉంటుంది, ఆ కుటుంబం జనాభాలో ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో అది చెప్తుంది. మనుషుల మధ్య అసమానత కావాలంటే ఆ వెయిట్‌ను సభ్యుల సంఖ్యతో గుణించాలి. కింది పైథాన్ కోడ్ వెయిట్లతో సహా లెక్కిస్తుంది:

```python
import numpy as np

def gini(x, w):
    x, w = np.asarray(x, float), np.asarray(w, float)
    k = np.argsort(x)
    x, w = x[k], w[k]
    F = np.insert(np.cumsum(w) / w.sum(), 0, 0)
    L = np.insert(np.cumsum(w * x) / (w * x).sum(), 0, 0)
    return 1 - np.sum(np.diff(F) * (L[1:] + L[:-1]))

gini([4, 24], [2, 8])    # 0.16
gini([16, 36], [8, 2])   # 0.16
```

రెండో పొరపాటు, పత్రాల్లో అచ్చయిన అయిదు వర్గాల వాటాల పట్టికనుంచి జినీ కట్టి, దాన్ని పూర్తి డేటానుంచి వచ్చినదానితో పోల్చడం. పట్టికనుంచి కడితే ప్రతి వర్గం లోపలా అందరూ సమానమే అనుకున్నట్టు, కాబట్టి ఫలితం ఎప్పుడూ తక్కువే వస్తుంది. అయిదు వర్గాలతో ఎంత ఘోరమైన అసమానతలోనైనా జినీ 0.8 దాటదు. ఆస్తుల మీద జినీ కడుతుంటే వేరే జాగ్రత్త కావాలి. అప్పులు ఆస్తులను మించిన కుటుంబాలకు నికర ఆస్తి రుణాత్మకం అవుతుంది, అవి ఎక్కువగా ఉంటే జినీ 1 దాటడం కూడా సాధ్యమే. అది కోడ్ తప్పు కాదు.

మీ నివేదికకు నేను చేయమనేది ఇది. ముందు రెండు సర్వేల్లోనూ పదేసి శాతం చొప్పున పది వర్గాల వాటాలు తీసి, రెండు లోరెంజ్ రేఖలనూ ఒకే బొమ్మలో గీయండి. దాటుకోకపోతే జినీతోనే సరిపెట్టుకోవచ్చు. దాటుకుంటే ఎక్కడ దాటాయో రాసి, అడుగు 20 శాతం వాటాను, ε 0.5, 2 దగ్గర అట్కిన్సన్‌ను, పాల్మాను ఇవ్వండి. అవి పరస్పరం విభేదిస్తే ఆ విభేదమే మీ ఫలితం, దాన్ని సగటు చేసి చెరిపేయకండి. తరవాత ఒకే ధరల్లో అడుగు 10 శాతం, మధ్య, పై 10 శాతం సగటు ఆదాయాల మధ్య దూరాలు, ఆపైన మీ ప్రాంతంలో ముఖ్యమైన వర్గాల్లో ఎంతెంత మంది అట్టడుగున ఉన్నారన్నది. చివరిగా, ప్రతి అంకెకూ నమూనా దోషం లెక్కించండి. సర్వేలో ఊళ్లను ముందు ఎంచి తరవాత ఇళ్లను ఎంచి ఉంటే, బూట్‌స్ట్రాప్‌లో, అంటే నమూనాలోంచే మళ్లీ మళ్లీ ఎంచి దోషాన్ని అంచనా వేసే పద్ధతిలో కూడా, ఇళ్లను కాకుండా ఊళ్లనే మళ్లీ మళ్లీ ఎంచాలి. అలా చేయకపోతే దోషం ఉన్నదానికన్నా చిన్నదిగా వస్తుంది. 'జినీ మారలేదు' అన్న మీ మొదటి వాక్యం కూడా ఈ దోషపు పరిధి చూశాకే రాయాలి. 0.36కూ 0.38కీ మధ్య తేడాను కూడా చిన్న నమూనా పట్టుకోలేకపోవచ్చు. అలాంటప్పుడు 'మారలేదు' అని కాకుండా, 'ఈ సర్వేతో మార్పు తేలలేదు' అని రాయండి.